ఐదోసారి కూడా నడుమ తోలు పొంగలేదు

తోలుతో సహా కాల్చుతున్న పోర్క్ ముక్క ఎలా వచ్చిందో చూద్దామని నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఓవెన్ తలుపు తీయగానే ప్రాణం ఉసూరుమంది. చుట్టూ తోలంతా బుడగలు బుడగలుగా పొంగి, చెంచాతో కొడితే టకటకమంటోంది. నడుమ మాత్రం అరచేతంత మేర నున్నగా, తేనె రంగులో, చెప్పు అట్టలా ఉండిపోయింది. కత్తి దిగలేదు. ఐదు ప్రయత్నాల్లో నాలుగుసార్లు ఇదే చోట ఇదే మచ్చ. ఈసారి స్కేలు పెట్టి కొలిచాను: పొడవు 11 సెంటీమీటర్లు, వెడల్పు 8.

మాంసం మాత్రం వెన్నలా ఉడికింది, దాని గురించి చెప్పడానికేం లేదు.

ముక్క 1,450 గ్రాములు, మందం నాలుగున్నర సెంటీమీటర్లు. పోర్క్ షాపులో ఎప్పుడూ "తోలు తీసేయమంటారా సార్?" అనే అడుగుతారు. వద్దు, వెంట్రుకలు కాల్చి ఇమ్మంటాను. ఇంటికొచ్చాక ఆ మసిని వేడినీళ్ళు పోసి కత్తి వీపుతో గీకాలి. బద్ధకించి వదిలేస్తే క్రాక్లింగ్‌లో, అంటే పొంగి కరకరలాడే తోలులో, కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. తర్వాత తోలు మీద ఉప్పు రాసి, మూత లేకుండా 36 గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. బయటికి తీసి తూస్తే 1,388 గ్రాములు, అంటే 62 గ్రాములు తగ్గింది. పెద వాల్తేరులో సముద్రపు గాలికి మా ఉప్పు డబ్బాయే రోజూ చెమర్చి ఉంటుంది. ఇక్కడ కిటికీ దగ్గర పెట్టి తోలు ఆరబెట్టడం కుదిరే పని కాదు. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే లోపల ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి బాగా ఆరుతుంది. పాత డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో రెండు రోజులుంచినా తోలు జిగటగానే ఉండేది.

మాది 60 లీటర్ల ఓటీజీ. దాని డయల్‌ని నేను నమ్మను. లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే, 135 దగ్గర తిప్పితే నిజంగా ఉండేది 120. ఆ 120లో మూడుంబావు గంటలు ఉంచితే మాంసం లోపల 89 డిగ్రీలకి చేరింది. ఫాయిల్‌ని తొట్టిలా మడిచి అడుగు, పక్కలు మాత్రం మూశాను. తోలు పైకి తెరిచే ఉంది. తర్వాత డయల్ పూర్తిగా 250కి తిప్పి, పై రాడ్ ఒక్కటే వేశాను. థర్మామీటర్ 225 చూపించింది. అంచులు ఏడు నిమిషాల్లోనే పొంగాయి. నడుమ కూడా పొంగుతుందేమోనని ఇంకో 12 నిమిషాలు ఆగాను. ఈలోపు ఒక మూల నల్లగా మాడింది.

మొదటి అనుమానం పై రాడ్ల మీదే. రెండు రాడ్ల మధ్య ఖాళీ కిందికి నడుమ భాగం వస్తోందేమో, అక్కడ వేడి చాలడం లేదేమో అనుకున్నాను. ఈ రోజు పొద్దున్న అదే రాక్ మీద తొమ్మిది బ్రెడ్ స్లైసులు పరిచి నాలుగు నిమిషాలు కాల్చాను. నడిమి స్లైసే అన్నిటికన్నా ముదురుగా వేగింది. కాబట్టి వేడి తక్కువైందన్నది తప్పు.

రెండో అనుమానం, ఆ చోట తోలే వేరుగా ఉందేమోనని. నిన్న రాత్రే ఆ మచ్చని కత్తెరతో కత్తిరించి తీసి, అడుగున కొవ్వు చెంచాతో గీకేసి, విడిగా 100 డిగ్రీల్లో 50 నిమిషాలు ఆరబెట్టి మళ్ళీ పై రాడ్ కింద పెట్టాను. నాలుగు నిమిషాల్లో అప్పడంలా పొంగింది! తోలులో ఏ దోషమూ లేదు. ముక్క మీద ఉన్నంతసేపూ దాన్ని ఏదో తడిగా ఉంచుతోంది.

ఆ ఏదో ఏమిటన్నది నిన్న నేను చూసి కూడా పట్టించుకోలేదు. వేడి పెంచే ముందు నడుమ ఓ రెండు టీస్పూన్ల ద్రవం నిలిచి ఉంటే, కరిగిన కొవ్వే కదా అని టిష్యూతో అద్దేశాను. ఆ టిష్యూ డస్ట్‌బిన్‌లోనే దొరికింది. వేడి పెనం మీద పిండితే చిటపటలాడి చిమ్మింది. వట్టి కొవ్వయితే అలా చిమ్మదు, అందులో నీళ్ళున్నాయి. తోలు మీద నీళ్ళున్నంతసేపూ పై రాడ్ వేడంతా వాటిని ఆవిరి చేయడానికే పోతుంది, ఆ చోటు వంద డిగ్రీలు దాటదు. పొంగాలంటే అంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి.

ఆ నీళ్ళు నడుమే ఎందుకు చేరుతున్నాయో కూడా కొంత అర్థమైంది. మిగిలిన ముక్క మీద ఈ మూల నుంచి ఆ మూలకి దారం బిగించి పట్టుకుంటే నడుమ 9 మిల్లీమీటర్లు పల్లంగా ఉంది. ఉడికేటప్పుడు మాంసం అన్నిచోట్లా ఒకేలా కుదించుకుపోదు, దాంతో పైన పళ్ళెంలా గుంట పడుతోంది. ఇంకో తప్పు నా చేతిదే అయి ఉండాలి. తోలుకి గాట్లు పెట్టేటప్పుడు నడుమ ఫోర్క్ గట్టిగా దించాను. గాటు తోలు దాటి పైపై కొవ్వు దగ్గరే ఆగాలి. మాంసం దాకా దిగితే ఆ రంధ్రాల్లోంచి రసం పైకి ఊరుతుంది. ముక్క కోసి చూస్తే ఐదారు రంధ్రాలు మాంసం దాకా వెళ్ళాయి. రెండు కారణాల్లో ఏది పెద్దదో ఇంకా తేలాలి.

వంటసోడా రాయమని చాలామంది చెబుతారు. రెండోసారి రాశాను. బుడగలు బాగానే వచ్చాయి కానీ నాలుక మీద సబ్బు రుచి. మళ్ళీ దాని జోలికి పోను. ఫాయిల్ పూర్తిగా చుట్టడం కూడా తోలున్న ముక్కకి పనికిరాదు, ఆరబెట్టిందంతా ఆవిరికి మళ్ళీ నానిపోతుంది. రిబ్స్‌కైతే చుట్టడమే మేలు. పోయిన వారం చేసినవి రెండు గంటలు విప్పి, గంటన్నర చుట్టి, అరగంట మళ్ళీ విప్పి పెడితే చక్కగా కుదిరాయి. అందరూ చెప్పే 3-2-1 గంటల లెక్క పెద్ద రిబ్స్‌కి సరిపోతుందేమో గానీ, మన దగ్గర దొరికే చిన్నవాటికి ఎక్కువ. ఎముక జారిపోయి మాంసం పీచుపీచవుతుంది. చుట్టడానికి నేను హిందాల్కో ఫాయిలే వాడతాను, రెండు పొరలు వేస్తే ఎముక మొనలకి కూడా చిరగదు.

శనివారానికి మళ్ళీ ముక్క చెప్పాను. దాన్ని రెండుగా కోసి పక్కపక్కనే పెడతాను. ఒకదాని నడుమ కింద సగం బంగాళదుంప, కోసిన వైపు కిందికి పెట్టి ఎత్తు ఇస్తాను, నీళ్ళు నిలవకుండా పక్కలకి జారిపోవాలి. రెండోదానికి ఎత్తు ఉండదు. గాట్లు రెండింటికీ ఒకేలా పడాలి కాబట్టి సూదికి టేప్ చుట్టి, మొన మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉంచాను. ఎత్తు లేనిది కూడా పొంగితే తప్పు ఫోర్క్‌దే. అది మళ్ళీ అట్టలా మిగిలి, దుంప పెట్టింది పొంగితే తప్పు గుంటది. రెండూ పొంగకపోతే తోలు మీద సెంటీమీటరు మందాన కళ్ళుప్పు పరిచి ఉడికించి, వేడి పెంచే ముందు గీకేసే పద్ధతి చూస్తాను. అరకిలో కళ్ళుప్పు తెచ్చి పెట్టాను.

చింతపండు, బెల్లం కలిపి రిబ్స్‌కి పూత కూడా చేయాలని ఉంది. బెల్లం తొందరగా మాడుతుంది కాబట్టి చివరి పది నిమిషాల్లోనే రాయాలి. కానీ ఈ నడిమి మచ్చ సంగతి తేలేదాకా ఓవెన్ దీనికే.