"వేడి చేసింది" అన్న ఒక్క మాట

పన్నెండేళ్లుగా అనువాదం చేస్తున్నాను. మందుల కరపత్రాలు, సమ్మతి పత్రాలు. ఒక్క మాట కోసం గంటసేపు నిఘంటువులు తిరగేసే వెసులుబాటు నాకెప్పుడూ ఉండేది.

నిన్న అమెరికాలో ఒక ఆసుపత్రిలో మొదటిసారి దుబాసీగా కూర్చున్నాను. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ డాక్టరుతో "నాలుగు రోజులుగా ఒళ్లు వేడి చేసిందమ్మా" అంది. జ్వరం అని చెప్పేస్తే ఆ తర్వాతి ప్రశ్నలన్నీ దారి తప్పుతాయి. ఆలోచించుకోవడానికి రెండు సెకన్లు కూడా లేవు.

శిక్షణలో నేర్పినట్టే, "దుబాసీ వివరణ కోరుతున్నారు" అని ముందు డాక్టరుకు చెప్పి, తర్వాత ఆవిడను అడిగాను. మూత్రంలో మంట, నోట్లో పుండ్లు అట. జ్వరం లేదు. ఆ మాటల్నే "నాకు" అంటూ ఆవిడ గొంతుగా ఇంగ్లీషులో చెప్పాను.

అక్కడ వైద్య దుబాసీగా జాతీయ సర్టిఫికేషన్ కావాలంటే కనీసం 40 గంటల శిక్షణ ఉండాలి. అందులో నాకు కష్టమైంది పదజాలం కాదు, నోట్సు. వాక్యాలు రాయకూడదు, మందు మోతాదులు, తేదీలు, "కాదు" అన్న చోట ఒక అడ్డగీత, అంతే. మిగతాదంతా జ్ఞాపకమే.

ఇంటికొచ్చాక కూడా "వేడి చేయడం"కి సరైన ఇంగ్లీషు మాట కోసం వెతుకుతూనే ఉన్నాను.