చీకటి పడగానే రీబూట్ అయ్యే చెరువుగట్టు కెమెరా

మొదటి రోజు

భీమవరం దగ్గర రొయ్యల చెరువు. ఇంట్లో డీవీఆర్, 12 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్, నాలుగు కెమెరాలు. మూడు ఇంటి చుట్టూ ఉన్నాయి, నాలుగోది 80 మీటర్ల అవతల మోటారు షెడ్డు మీద. పొద్దుగూకాక ఆ నాలుగోదే పోయి వస్తోంది. డీవీఆర్ లాగ్‌లో దాని మీదే నిమిషానికోసారి Video Loss. ఇలాంటప్పుడు అందరూ ముందు అడాప్టరే మారుస్తారు. కానీ అది నీరసించి ఉంటే మిగతా మూడూ తడబడాలి. రాత్రి అడాప్టర్ దగ్గర కొలిస్తే 12.0, కదల్లేదు. దాన్ని వదిలేయొచ్చు.

రెండో రోజు

చీకటి దాకా ఆగక్కర్లేదు. కెమెరా ముందు భాగంలోని లైట్ సెన్సర్‌కి నల్ల టేపు అంటిస్తే చాలు. లోపల ఫిల్టర్ టిక్కుమంటుంది, చీకట్లో చూడ్డానికి ఉన్న ఐఆర్ ఎల్ఈడీలు ఎర్రగా మినుకుమంటాయి, రెండు సెకన్లకు ఆరిపోతాయి. ఐఆర్ ఆరగానే లోడు తగ్గి వోల్టేజీ లేస్తుంది, కెమెరా బూట్ అవుతుంది, మళ్లీ చీకటి చూసి ఐఆర్ వేస్తుంది. రాత్రంతా ఇదే చక్రం.

కెమెరా పవర్ పిన్ను ఊడదీసి కొలిస్తే ఇక్కడా 12.0 చూపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. కరెంటు పారకపోతే వైరులో నష్టమే ఉండదు. పిన్ను పెట్టే ఉంచి, దాని స్క్రూల మీద మల్టీమీటర్ ప్రోబులు ఆనించాలి. పగటి లోడు 0.15 ఆంపియర్లకు 10.9 వచ్చింది. ఐఆర్ వెలిగి 0.4 ఆంపియర్లు లాగగానే 9.2. కెమెరా లేబుల్ మీద ప్లస్ ఆర్ మైనస్ 10 శాతం అని ఉంది, అంటే 10.8కి తగ్గకూడదు.

మూడో రోజు

పోయిన 2.8 వోల్టులు ఎక్కడున్నాయి? దారి మధ్యలో ఒక జాయింట్ ఉంది. దాని రెండు పక్కలా ఒకే వైరు మీద ప్రోబులు పెడితే 0.6 వోల్టులు. మంచి జాయింట్‌లో సున్నాకి దగ్గరగా ఉండాలి. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుము పట్టి, పుల్లలా విరిగింది. ఉప్పుగాలికి ఉత్త టేపు ఆగదు. చిలుము పట్టిన మేర కత్తిరించి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ వేసి పీవీసీ డబ్బాలో పెట్టాం. వాన నీరు వైరు వెంట లోపలికి జారకుండా డబ్బా కింద ఒక వంపు వదిలాం.

కొలత 9.8కి లేచింది. ఇంకా చాలదు. మిగిలిన 2.2 వోల్టులు వైరువే. పోను, రాను 160 మీటర్లు, 5.5 ఓములు. సీసీటీవీ కేబుల్‌లోని సన్న తీగలకు ఇది మామూలే.

నాలుగో రోజు

వీడియోకి పాత కేబులే ఉంచి, పవర్‌కి మాత్రం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పైపులో లాగాం. దాని నిరోధం మొత్తం దాదాపు 2 ఓములు, నష్టం 0.8 వోల్టులు. టేపు అంటించి కొలిస్తే 11.2.

షెడ్డులోనే అడాప్టర్ పెడితే ఖర్చు తక్కువే. కానీ ఏరేటర్లు ఆన్ చేసినప్పుడల్లా అక్కడి లైను కుంగుతుంది, అప్పుడు రీబూట్‌కి కారణం వెతుక్కోవడం ఇంకా కష్టం. అడాప్టర్ వోల్టేజీ పెంచడమూ వద్దనుకున్నాం, ఇంటి చుట్టూ ఉన్న మూడింటికీ అది పూర్తిగా తగులుతుంది.