మధ్యాహ్నం మూడున్నర తలనొప్పి: కుర్చీలో కూర్చునే ఐదు నిమిషాల్లో

మా అకౌంట్స్ సెక్షన్‌లో ప్రతి నెలా 14 నుంచి 20 దాకా ఊపిరి సలపదు. 14న జీఎస్‌టీ పోర్టల్‌లో మా కొనుగోళ్ల పన్ను పట్టిక, 2బి, వస్తుంది, 20లోపు 3బి రిటర్ను వేయాలి. ఆ వారమంతా మధ్యాహ్నం మూడున్నర దాటేసరికి నా తల పట్టేసేది. రెండు కణతల దగ్గర మొదలై, నుదుటి మీదుగా పాకి, వెనక మెడ దాకా తువ్వాలు బిగించి కట్టినట్టు ఉండేది.

డాక్టరు గారు మూడు ప్రశ్నలు అడిగారు. నడిస్తే, మెట్లెక్కితే నొప్పి పెరుగుతోందా? వికారం, వాంతి ఉన్నాయా? తల ఒకవైపే టపటపా కొట్టుకుంటూ వెలుతురు చూడలేకపోతున్నారా? మూడింటికీ లేదన్నాను. టెన్షన్ తలనొప్పి అని చెప్పి, బీపీ చూసి, కళ్లద్దాల పవరు సరిచూపించుకోమని చెప్పి, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఆ ప్రశ్నలకు అవునని వచ్చి ఉంటే మైగ్రేన్ వైపు ఆలోచించేవారట. దాని చికిత్స దారి వేరు. అందుకే ముందు ఏ తలనొప్పో తేల్చుకోవాలి. కింద రాసింది టెన్షన్ తలనొప్పి గురించి.

ఫిజియోథెరపిస్ట్ మేడమ్ గారు ఊపిరి గురించి మాట్లాడే ముందు నా దవడ చూశారు. "మీ వేళ్లు కణతల మీద పెట్టుకుని పళ్లు ఒకసారి గట్టిగా నొక్కండి" అన్నారు. నొక్కగానే వేళ్ల కింద కండరం గుబుక్కున ఉబ్బింది. కణత మీద విసనకర్రలా పరుచుకుని కింది దవడను పట్టి పైకి లాగే కండరం అది. "లెక్కలు చూసేటప్పుడు కూడా ఇది ఇలాగే ఉంటోందేమో గమనించండి. తిండి నమిలేటప్పుడు, గుటక వేసేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు కలవకూడదండీ" అన్నారు.

మర్నాడు మానిటర్ అంచున చిన్న పచ్చ స్టిక్కర్ అతికించి, కన్ను దాని మీద పడ్డప్పుడల్లా దవడ చూసుకున్నాను. మొదటి రోజు చూసుకున్న ప్రతిసారీ దాదాపు పళ్లు కలిసే ఉన్నాయి. గట్టిగా కొరుకుతున్నట్టు కాదు, ఊరికే ఆనించి పట్టుకున్నట్టు. ఆ కొద్దిపాటి బిగింపు గంటల తరబడి ఉంటే కండరం అలిసి నొప్పెడుతుంది. భుజాల సంగతీ అంతే. మౌస్ పట్టుకున్న కుడి భుజం ఎడమ దానికన్నా పైకి ఉండేది. సరిచేసుకునే తీరు చిన్నది: పెదవులు కలిసి, పళ్లు విడిగా, నాలుక కొన పై పళ్ల వెనక అంగిలికి తేలిగ్గా తాకుతూ. నాలుక అక్కడ ఉంటే దవడ తనంతట తానే కిందికి జారుతుంది. "దవడ వదులు చేయాలి" అనుకుంటూ దాన్ని కిందికి తోస్తే మాత్రం ఇంకో కండరం బిగుస్తుంది.

నేను ఎక్కువ రోజులు తప్పు చేసింది ఊపిరి దగ్గర. తల పట్టగానే ఛాతీ నిండా పెద్ద పెద్ద ఊపిర్లు తీసుకునేవాణ్ణి. రెండు నిమిషాలయ్యేసరికి తల తేలిపోతున్నట్టు, వేళ్ల కొనలు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కినట్టు అయ్యేది, తలనొప్పి అలాగే ఉండేది. ఊపిరి అవసరానికి మించి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. ఆ తేలిపోవడం దానివల్లే, తిమ్మిరి కూడా కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్లే. పైగా ఛాతీ పైభాగంతో ఊపిరి తీస్తే మెడ పక్క కండరాలు పక్కటెముకలను పైకి లాగాలి. అంటే నొప్పెడుతున్న మెడకే ఇంకో పని అప్పజెప్పినట్టు. కుర్చీలో కూర్చుని కపాలభాతి, భస్త్రిక చేసే స్నేహితులున్నారు. తల పట్టి ఉన్న సమయంలో వేగంగా చేసే ఆ పద్ధతులు నాకు పనికిరాలేదు. ఊపిరి బిగబట్టే కుంభకం కూడా వదిలేశాను, ఎందుకంటే బిగబట్టగానే నా గొంతూ భుజాలూ బిగుసుకునేవి.

కుదిరిన పద్ధతిలో ఊపిరి చిన్నది, నెమ్మదైనది. నడుము కుర్చీ వీపుకు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి, ఒక చేయి బొడ్డు మీద, ఒకటి ఛాతీ మీద పెట్టుకోవాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కిస్తూ తీసుకోవాలి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలాలి. అంకెకు ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిర్లు. బొడ్డు మీది చేయి కదలాలి, పైది దాదాపు కదలకూడదు. మామూలుగా తీసుకునే గాలి కన్నా కాస్త ఎక్కువ తీసుకుంటే చాలు. పక్క సీటులో ఉన్నవాళ్లకు శబ్దం వినిపిస్తోందంటే ఎక్కువ తీసుకుంటున్నట్టే. ఆరు వదిలేలోగా గాలి చాలక ఆయాసం వస్తే మూడు తీసుకుని నాలుగు వదలడంతో మొదలుపెట్టవచ్చు. ఊపిరి వదిలే సమయం తీసుకునే సమయం కన్నా పొడుగ్గా ఉండటమే ముఖ్యం. వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. మణికట్టు మీద నాడి పట్టుకుని చూస్తే తీసుకునేటప్పుడు కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకోవడం వేలికే తెలుస్తుంది. ఆ తేడా తెలిసిన రోజు నుంచి నాకు లెక్క మీద నమ్మకం కుదిరింది.

కండరాలను కావాలని బిగించి వదిలే పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1920ల్లో క్రమపద్ధతిలో పెట్టాడు. పూర్తిగా చేస్తే ఒళ్లంతా, చేతులతో మొదలుపెట్టి పాదాల దాకా, ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఇంట్లో రాత్రి పడుకునే ముందు మూడు వారాలు అలా చేశాను. ఆఫీసులో రెండు చోట్లే: భుజాలు, నుదురు. దవడను బిగించను, అది అప్పటికే బిగిసి ఉంది కాబట్టి. భుజాలను చెవుల వైపు ఎత్తి ఐదు సెకన్లు ఉంచి, ఒక్కసారిగా వదిలేసి, ఇరవై ఐదు సెకన్లు ఏమీ చేయకుండా ఉండాలి. ఆ ఇరవై ఐదు సెకన్లే అసలు సాధన. భుజం బరువు కుర్చీ మీదికి దిగడం, చర్మం కింద వెచ్చబడటం అప్పుడే తెలుస్తాయి. తొందరపడి వెంటనే మళ్లీ ఎత్తితే వ్యాయామం చేసినట్టవుతుంది తప్ప వదులు ఎలా ఉంటుందో ఒంటికి తెలియదు. మొదట్లో శక్తికొద్దీ బిగించాను, మెడ పట్టేసింది. మూడో వంతు బలం చాలు. కొన్నాళ్లకు ఇంకా తగ్గించి, పక్కవాళ్లకు కనపడనంత చిన్నగా ఎత్తి వదిలినా అంతే ఫలితం వచ్చింది. నుదుటికి కనుబొమలు పైకెత్తి వదలడం, అవే సెకన్లు.

ఇవి చేశాక కూడా నొప్పి మిగిలితే నాకు చిరాకొచ్చేది. ప్రతి ఊపిరికీ "తగ్గిందా? తగ్గిందా?" అని చూసుకునేవాణ్ణి, చూసుకున్న ప్రతిసారీ కనుబొమలు ముడిపడేవి. నుదుటి కండరం మళ్లీ మొదటికి. దానికి మేడమ్ గారు చెప్పిన ఉపాయం, ఒక్క నిమిషం నొప్పిని తగ్గించే ప్రయత్నం మానేసి అది ఎలా ఉందో మాత్రం చూడటం. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? నొక్కుతోందా, లాగుతోందా? రెండు కణతల్లో సమానంగా ఉందా? మనసులో ఒక్క మాట అనుకుంటే చాలు: "నొక్కుతోంది", "కుడివైపు ఎక్కువ". "మెయిల్ పంపాలి" అనే ఆలోచన వస్తే "ఆలోచన" అనుకుని మళ్లీ కణత దగ్గరికి రావాలి. నొప్పి పోయినా పోకపోయినా, దానితో పోట్లాట ఆగితే ముఖం వదులవుతుంది. నొప్పి మీద దృష్టి పెడితే భయం పెరిగేవాళ్లు పాదాలు నేలకు తాకిన చోటు మీద పెట్టవచ్చు. అదీ పనిచేస్తుంది.

ఒక 18వ తారీకు నా నోట్‌బుక్‌లో ఉన్నది ఇది. 3:20కి పర్చేజ్ రిజిస్టరుకీ 2బికీ తేడా పట్టుకుంటున్నాను, పదకొండు ఇన్వాయిస్‌లు కలవడం లేదు. కన్ను స్టిక్కర్ మీద పడింది. పళ్లు కలిసి ఉన్నాయి, కుడి భుజం లేచి ఉంది, నొప్పి పదికి మూడు. మౌస్ వదిలి చేతులు తొడల మీద పెట్టాను. మొదటి అర నిమిషం దవడ, నాలుక. తర్వాత ఒక నిమిషం భుజాలు రెండుసార్లు, అర నిమిషం నుదురు ఒకసారి. తర్వాత రెండు నిమిషాలు, అంటే పన్నెండు ఊపిర్లు. చివరి నిమిషం నొప్పిని చూడటం. మొత్తం ఐదు నిమిషాలు. అయ్యేసరికి నొప్పి రెండు. పనిలో పడ్డాక నాలుగు గంటలకు చూసుకుంటే ఒకటి. ఊపిరిని ముందు పెట్టి, దవడను చివర్లో పెట్టిన రోజుల్లో ఇంత తగ్గలేదు. పళ్లు బిగబట్టుకుని ఎంత నెమ్మదిగా ఊపిరి తీసినా కణత కండరానికి విశ్రాంతి దొరకదు.

ఆ నోట్‌బుక్ చూశాకే ఇంకో విషయం బయటపడింది. నొప్పి మూడు ఉన్నప్పుడు మొదలుపెడితే దిగేది, ఆరుకు చేరాక మొదలుపెడితే ఒక అంకె కదలడం కూడా కష్టమయ్యేది. అందుకని 11:30కీ, 2:30కీ, నొప్పి లేకపోయినా రెండు నిమిషాల చిన్న వరస పెట్టుకున్నాను: దవడ, భుజాలు ఒకసారి, ఆరు ఊపిర్లు. ఊపిరి వదిలేటప్పుడల్లా మనసులో "వదులు" అనుకునేవాణ్ణి. నెల రోజులకు ఫోను మోగినప్పుడు ఆ మాట అనుకుని ఒక్క ఊపిరి వదిలితే భుజాలు వాటంతటవే దిగేవి. రోజూ సాధన లేకుండా నొప్పి వచ్చినప్పుడే ఆ మాట వాడితే ఏమీ జరగదు.

దీనితో తీరనివీ ఉన్నాయి. భోజనం రెండున్నరకు జరిపిన రోజు, నీళ్లు తాగడం మరిచిన రోజు, పొద్దుటి కాఫీ మానేసిన రోజు వచ్చే నొప్పి ఊపిరితో లొంగదు. నొప్పి పదికి ఆరు దాటితే నేను డాక్టరు గారు చెప్పిన మాత్ర వేసుకుని, ఆ తేదీ పక్కన గీత గీస్తాను. పారాసిటమాల్ లాంటి మామూలు మాత్రలు నెలకు 15 రోజులు, అంతకుమించి, మూడు నెలల పైగా వాడితే మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలుకావచ్చు. రెండు మూడు మందులు కలిసిన మాత్రలకు ఆ హద్దు 10 రోజులే. గీతలు వారానికి రెండు దాటుతుంటే డాక్టరుకు చూపించాలి.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు క్షణాల్లో తారస్థాయికి చేరిన నొప్పికి, జ్వరంతో మెడ బిగుసుకున్నప్పుడు, మాట తడబడినా, ఒక చేయి, కాలు బలం తగ్గినా, చూపు మసకబారినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా ఊపిరి లెక్కలు పెట్టుకుని కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని కూడా ముందు డాక్టరు చూడాలి, ఈ వరస ఆ తర్వాతే.

పోయిన నెల 14 నుంచి 20 మధ్య నా నోట్‌బుక్‌లో గీత ఒక్కటే ఉంది. అది 19న, మధ్యాహ్నం భోజనం మూడింటికి చేసిన రోజు.