మూడు ఆవులు తిరగపొర్లాయి, మూడింటికీ కారణం వేరు

మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గర ఊరు. ఇంట్లో ఆరు ఆవులున్నాయి, అన్నీ జెర్సీ సంకరం. వాటిలో మూడు, ఈని చాలాకాలమైనా చూడి కట్టలేదు. ఎదకు రాక కాదు. ఎదకొస్తాయి, చూడి కట్టడానికి వీర్యం సూది వేయిస్తాం, మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ అరుస్తాయి. పైకి ఏ జబ్బూ కనిపించకుండా 18 నుంచి 24 రోజులకోసారి సక్రమంగా ఎదకొస్తూ, మూడుసార్లు సూది వేయించినా చూడి నిలవకపోతే ఆ ఆవు తిరగపొర్లుతున్నట్టే లెక్క. మా మూడూ ఆ లెక్క ఎప్పుడో దాటేశాయి. పాలు తగ్గిపోతున్నాయి, మేత మాత్రం అంతే పడుతోంది. ఊళ్లో తలా ఒక మందు చెప్పారు. ఒకే మందు మూడింటికీ పట్టించడం నాకు ఇష్టం లేక గరివిడి పశువైద్య కళాశాలకు వెళ్లాను.

అక్కడ డాక్టరు గారు ముందు అడిగింది తేదీలు. వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్కతో పాటు ఎద తేదీలూ రాసే అలవాటు నాకుంది కాబట్టి ఆ కాగితాలు పట్టుకెళ్లాను. "రెండు ఎదల మధ్య ఎన్ని రోజులు వచ్చాయో చూద్దాం అమ్మా" అని ఆయన ఒక్కో ఆవుకూ లెక్క కట్టారు. సుమారు 21 రోజులకే తిరిగొస్తే రెండిట్లో ఒకటి జరిగి ఉంటుందట: అండం అసలు ఫలించకపోవడం, లేదా ఫలించిన పిండం మొదటి రెండు వారాల్లోనే చనిపోవడం. అదే 35, 40 రోజులకు తిరిగొస్తే పిండం కొన్నాళ్లు నిలిచి తర్వాత పోయినట్టు అనుమానించాలి, మధ్యలో ఒక ఎద మన కంట పడకుండా పోలేదని గట్టిగా తెలిస్తేనే సుమా. మా మూడూ 20, 22 రోజుల మధ్యే తిరిగొస్తున్నాయి. తర్వాత ఆయన ఇంకో ప్రశ్న వేశారు. "సూది వేయించిన మర్నాడు తోకకు రక్తం అంటుకుని ఉంటోందా?"

మూడింట్లో మొదటిదైన చుక్కావుకు అంటేది. అది చూసి మేం పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు, లోపల ఏదో తెగిందనుకున్నాం. సంకరజాతి ఆవుల్లో ఎద అయిపోయాక ఒకటి రెండు రోజులకు కొద్దిగా రక్తపు తీగ పడటం మామూలేనట. చూడి కట్టిందో లేదో దాన్నిబట్టి చెప్పలేం. కానీ సూది పడిన మర్నాడే రక్తం కనిపిస్తే, సూది ఆలస్యమైందని అర్థం.

ఎలా ఆలస్యమైందో ఆయన కాగితం మీద గీసి చూపించారు. ఆవుకు ఎద సుమారు 12 నుంచి 18 గంటలు ఉంటుంది. ఎద ముగిసిన 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలైన అండం కొద్ది గంటలే పనికొస్తుంది. వీర్యం ఆ సమయానికి ముందే లోపలికి చేరి, సిద్ధమై ఉండాలి. అందుకే ఉదయం ఎద మొదలైతే సాయంత్రం, సాయంత్రం మొదలైతే మర్నాడు ఉదయం సూది వేయించాలంటారు. చుక్కావు విషయంలో జరిగేది ఇది. దానికి ఎద రాత్రి ఎనిమిది, తొమ్మిదింటికి మొదలయ్యేది. అప్పటికి శాలలో దీపం తీసేసి అందరం లోపలికి వచ్చేసేవాళ్లం. తెల్లవారి పాలు పితికేటప్పుడు అరుస్తుంటే అప్పుడే మొదలైందనుకుని ఫోన్ చేసేవాళ్లం. సూది వేసే అబ్బాయి చాలా ఊళ్లు తిరగాలి, మా ఊరికి మర్నాడు ఉదయం వచ్చేవాడు. అంటే ఎద మొదలైన 36 గంటల తర్వాత సూది పడేది. ఆ వేళకు అండం పని అయిపోయేది.

దీనికి మందు అక్కర్లేదు, కన్ను కావాలి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకసారి టార్చి పట్టుకుని శాలలోకి వెళ్లి పావుగంట కదలకుండా నిలబడటం మొదలుపెట్టాం. అరుపొక్కటే చూస్తే చాలదు, ఆకలికీ దూడకూ కూడా అరుస్తుంది. పక్క ఆవు మీదికెక్కితే తప్పుకోకుండా నిలబడిందంటే అదే అసలు ఎద. కట్టేసి ఉంచిన ఆవుల్లో ఆ గుర్తు కనబడదు, కాబట్టి రాత్రి చూసే వేళ కాసేపు దొడ్లో వదిలేవాళ్లం. చుక్కావు రాత్రి తొమ్మిదింటికి నిలబడటం ఈ కళ్లతో చూశాం. ఆ రాత్రే ఫోన్ చేస్తే "పొద్దున్న తొమ్మిదికల్లా వస్తాను పిన్నీ" అన్నాడు ఆ అబ్బాయి. మనిషీ అతనే, వచ్చిన వేళా అదే, ఒక రోజు ముందుకు జరిగింది అంతే. ఆ సూదికి చుక్కావు తిరగలేదు. రెండు నెలలు దాటాక చెయ్యి పెట్టి చూసి చూడి అని చెప్పారు.

గడ్డకట్టిన వీర్యం గొట్టం వాడే తీరు కూడా ఆ రోజు దగ్గరుండి చూశాను. ద్రవ నత్రజనిలోంచి తీసిన గొట్టాన్ని 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు ఉంచి, తడి లేకుండా తుడిచి, వెంటనే వాడాలి. చేత్తో రుద్దో, చొక్కా జేబులో పెట్టో కరిగిస్తే కణాలు చాలావరకు చచ్చిపోతాయి. వేడినీళ్ల ఫ్లాస్కూ థర్మామీటరూ ఇప్పుడు మా శాలలోనే ఉంచుతున్నాం. అడగడానికి మొహమాటపడే విషయం కాదిది.

రెండోది గౌరి. దీని కథ పూర్తిగా వేరు. గడచిన ఈతలో మాయ పడలేదు. అప్పుడు ఒకాయన వచ్చి చెయ్యి పెట్టి లాగేశాడు. పైకి బాగానే కోలుకుంది, పాలూ ఇచ్చింది. లోపల గర్భసంచికి పట్టిన వాపు మాత్రం ఉండిపోయింది. ఇది తెలుసుకోవడానికి డాక్టరు గారు నేర్పిన పద్ధతి చాలా తేలిక. ఎదలో పడే జిగురు తీగను శుభ్రమైన గాజు గ్లాసులోకి పట్టి, నల్లటి గుడ్డ ముందు పెట్టి వెలుతురులో చూడాలి. మంచి తీగ గుడ్డు తెల్లసొనలా నిగనిగలాడుతూ అవతలి గుడ్డ స్పష్టంగా కనిపించేలా ఉంటుంది. గౌరిది కాస్త మబ్బుగా ఉంది. జాగ్రత్తగా చూస్తే సన్నటి తెల్లటి నలకలు తేలుతున్నాయి. నేలమీద పడ్డప్పుడు అవి మాకెన్నడూ కనిపించలేదు. తీగ అద్దంలా ఉన్నంతమాత్రాన జబ్బు లేదని కూడా అనలేం, కంటికి కనిపించనంత తక్కువ వాపూ ఉంటుంది. దానికి ప్రయోగశాలలో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి మరిగించి చూస్తారు. పసుపు రంగుకు తిరిగితే లోపల తెల్ల రక్తకణాలు చేరినట్టు, అంటే వాపు ఉన్నట్టు.

గౌరి తీగ పసుపుకు తిరిగింది. అప్పుడు కూడా వెంటనే మందు రాయలేదు. శుభ్రంగా పట్టిన తీగను సూక్ష్మజీవుల పెంపకానికి పంపించి, ఏ యాంటీబయోటిక్‌కు లొంగుతుందో చూశాకే మందు ఎంచారు. ఫలితం రావడానికి కొద్ది రోజులు పట్టింది. ఆ ఎదకు సూది వద్దన్నారు. ఇంట్లో మావయ్య ఒప్పుకోలేదు, ఉన్న ఎదను వదులుకోవడమా అని. వాపున్న గర్భసంచిలో వీర్యమే బతకదు, ఒకవేళ అండం ఫలించినా పిండం నిలవదు, పైగా గొట్టం దింపితే మురికి ఇంకా లోపలికి పోతుందని డాక్టరు గారే ఫోన్‌లో చెబితే ఊరుకున్నారు. గర్భసంచిలోకి మందు ఎక్కించారు. మందు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత చీటీ మీద రాసిచ్చిన గడువు వరకూ పాలు కేంద్రానికి పోయలేదు. తర్వాతి ఎదలో మళ్లీ గ్లాసు పరీక్ష చేశాం. అద్దంలా ఉంది. అయినా మరిగించే పరీక్ష మళ్లీ చేయించాకే సూది వేయించాం.

మాయ పడని చరిత్ర ఉంది కాబట్టి పిండాలు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా జబ్బు కూడా అనుమానించి ఆరు ఆవుల రక్తమూ పరీక్ష చేయించారు. ఒక్కదానికీ లేదు. ఉండి ఉంటే వైద్యం మాట దేవుడెరుగు, ఆ ఆవును వేరు చేయాల్సి వచ్చేది. అది మనుషులకూ అంటుతుంది. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దని ఆయన గట్టిగా చెప్పారు. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య టీకా వేయిస్తే చాలట, ఆ పని ఈ ఏడాదే చేయించాం.

మూడోది నల్లావు. దానికి తీగ అద్దంలా ఉంది, సూది వేళకే పడుతోంది, రక్తపు తీగ పడటమూ పద్ధతిగానే ఉంది. డాక్టరు గారు దూరం నుంచి చూసి "దీనికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు" అన్నారు. పూటా పూటా కలిపి రోజుకు పది లీటర్లిచ్చే ఆవు. వరిగడ్డి ఎంత తింటే అంత, మూడు కిలోల తవుడూ చెక్కా కలిపిన కుడితి, వానాకాలంలో గట్ల మీది పచ్చగడ్డి. ఇదీ దాని తిండి. ఒంటి పోషణకు కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున లెక్కేస్తే దానికి ఆరు కిలోల దాకా కావాలి. సగమే పెడుతున్నాం. మిగతా సగం అది తన ఒంట్లోంచి తీసి పాలలో పోసింది. అలాంటి ఒంటికి ఎద రావచ్చు గానీ, అండంలో బలం ఉండదు, నిలిచిన పిండాన్ని కాపాడే హార్మోనూ సరిపోదు. వరిగడ్డిలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కాబట్టి ఈ రెండిటి మీదే బతికే ఆవుకు లవణాల లోటు తప్పదు.

ఆయన చెప్పిన దాణా మావైపు దొరికే వాటితోనే. వంద కిలోలకు మొక్కజొన్న నూక 40, తవుడు 30, నువ్వుల చెక్కా వేరుశనగ చెక్కా కలిపి 27, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. బలం రావాలని చెక్క ఒక్కటే పెంచితే పనికిరాదట. మాంసకృత్తులు మితిమీరితే రక్తంలో యూరియా పెరిగి గర్భసంచి పిండానికి అనుకూలంగా ఉండదు. అందుకే శక్తికి మొక్కజొన్న కలపాలి. ఒక్కసారిగా పెంచితే కడుపులో పులుపెక్కి మేతే మానేస్తుంది. నాలుగైదు రోజులకో అరకిలో చొప్పున పెంచుకుంటూ వెళ్లాం. పేడ పరీక్షలో ఒంటి లోపల పెరిగే జలగ పురుగు గుడ్లు కనిపిస్తే ముందు దానికి మందు తాగించాం. చెరువు గట్టున మేసే పశువులకు ఇది మామూలే. బోరు నీళ్లు పారే పది సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి నాటాం.

దీనికి ఓపిక ఎక్కువ కావాలి. అండాశయంలో ఇవాళ పెరగడం మొదలుపెట్టిన అండం ఎదలో విడుదల కావడానికి రెండు మూడు నెలలు పడుతుందట. అందుకని దాణా మార్చిన నెలకే ఫలితం చూడకూడదు. ఒంటి మీద నునుపు ముందొచ్చింది, చూడి తర్వాతే.

గౌరి ఇప్పుడు చూడి మీదుంది. నల్లావు దాణా మార్చాక నిలిచినట్టే నిలిచి, వేసవి ఎండల్లో నలభై రోజులు దాటాక తిరిగొచ్చింది. మధ్యలో ఎద రాలేదని రాత్రీ తెల్లవారుజామూ చూస్తున్న మాకు గట్టిగా తెలుసు కాబట్టి, ఇది పిండం నిలిచి పోవడమేనని డాక్టరు గారన్నారు. శాల మీద తాటాకు పందిరి వేసి, మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లుతున్నాం. సూది ఈసారి వానలు పడ్డాకే.