నెఫ్రోటిక్ సిండ్రోమ్: రిలాప్స్ ప్రశ్నలను నేను చదివిన పద్ధతి

నీట్ పీజీ ఫలితాలు వచ్చినప్పటి నుంచి, పీడియాట్రిక్స్ ఎలా చదివారని జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. మిగతా పాఠాలకు అందరూ చదివే పద్ధతే నాదీ. నాకు నిజంగా పట్టు దొరికింది మాత్రం పిల్లల్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు ఎక్కువగా కారణమయ్యే మినిమల్ ఛేంజ్ డిసీజ్ దగ్గర. అందుకే దాని గురించే వివరంగా రాస్తున్నాను.

లైట్ మైక్రోస్కోపీలో గ్లోమెరులస్ మామూలుగా కనిపిస్తుందనీ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీలో పోడోసైట్ల ఫుట్ ప్రాసెస్‌లు చదునుగా కలిసిపోయి ఉంటాయనీ మీకు తెలుసు. కానీ వార్డులో ఆ చిత్రం ఎవరూ చూడరు. పొద్దున లేచేసరికి కళ్లు వాచి, సాయంత్రానికి వాపు తగ్గే పిల్లవాడికి చాలాసార్లు ముందు ఎలర్జీ మందే ఇస్తారు. ఆ వాపుతో పాటు మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్‌లో, అంతకంటే ఎక్కువో ఉండి, సీరం ఆల్బుమిన్ డెసీలీటరుకు 3 గ్రాముల కంటే తగ్గి ఉంటే అది నెఫ్రోటిక్ సిండ్రోమ్. వయసు ఏడాది దాటి, బీపీ, సీ3 మామూలుగా ఉండి, మూత్రంలో రక్తం కనబడకపోతే బయాప్సీ చేయకుండానే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. స్టెరాయిడ్‌కు స్పందన రావడమే ఇక్కడ అసలు పరీక్ష. బిడ్డ భవిష్యత్తును బయాప్సీ రిపోర్టు కంటే ఆ స్పందనే బాగా చెబుతుంది.

నేను నోట్సు మూసేసి, ఒక కేసును కాగితం మీద అడ్డగీతగా గీసి, వారాలు గుర్తు పెట్టుకుంటూ వెళ్లాను. నాలుగేళ్ల బాబు, ఎత్తు 100 సెంటీమీటర్లు, వాపుతో బరువు 18 కిలోలు, వాపు రాకముందు 16 కిలోలు. డోసుకు ఆ 16నే తీసుకోవాలి. కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున 32 వస్తుంది. శరీర ఉపరితలం ప్రకారం చదరపు మీటరుకు 60 చొప్పున లెక్కిస్తే 40 వస్తుంది. చిన్న పిల్లల్లో బరువు లెక్క డోసును తగ్గిస్తుందన్న సంగతి ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసుకున్నాకే నాకు మనసుకు ఎక్కింది. ఆరు వారాలు రోజూ, తర్వాత ఆరు వారాలు డోసు తగ్గించి రోజు విడిచి రోజు ఇచ్చి ఆపేస్తారు. మన బాబుకు పదో రోజుకే మూత్రం శుభ్రపడింది.

ఇక్కడి నుంచి లెక్క తల్లి చేతిలో ఉంటుంది. ఉదయం మొదటి మూత్రాన్ని పరీక్ష నాళికలో తీసుకుని సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ చుక్కలు వేస్తే, ప్రొటీన్ ఉన్నప్పుడు తెల్లగా మసకబారుతుంది. నాళిక వెనుక పెట్టిన అక్షరాలు అసలు కనబడనంతగా చిక్కబడితే మూడు ప్లస్‌లో, అంతకంటే ఎక్కువో. వరుసగా మూడు రోజులు అలా ఉంటేనే రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టింది అంటారు. జలుబు చేసినప్పుడు ఒకటి రెండు రోజులు ప్రొటీన్ కనబడి దానంతటదే పోవచ్చు కాబట్టే ఈ మూడు రోజుల నియమం.

స్టెరాయిడ్ ఆపిన ఆరు వారాలకు బాబుకు మొదటి రిలాప్స్ వచ్చింది. మళ్లీ రోజువారీ డోసు ఇచ్చారు. వరుసగా మూడు రోజులు ప్రొటీన్ లేకపోయాక, నాలుగు వారాల కోసం రోజు విడిచి రోజు డోసుకు మారారు. ఆ నాలుగు వారాల్లో మూడో వారంలోనే రెండోసారి తిరగబెట్టింది. ఇది స్టెరాయిడ్ డిపెండెన్సా? చాలామంది అవునని గుర్తిస్తారు, కానీ కాదు. డిపెండెన్స్ అనాలంటే వరుసగా రెండు రిలాప్స్‌లు రోజు విడిచి రోజు మందు మీద ఉండగానో, ఆపిన 14 రోజుల లోపో రావాలి. బాబుకు అలా వచ్చింది ఒక్కటే. అయితే మొదటి కోర్సు ఆపిన ఆరు నెలల్లోపు రెండు రిలాప్స్‌లు వచ్చాయి కాబట్టి, 2021 భారతీయ మార్గదర్శకాల ప్రకారం అతను ఫ్రీక్వెంట్ రిలాప్సర్ అయ్యాడు. మూడోది కూడా డోసు తగ్గిస్తుండగానే వస్తే అప్పుడు డిపెండెంట్.

ఒక్క పాఠం మీద ఇంత సమయం పెట్టడం దండగని మిత్రులు అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నిర్వచనాలను బట్టీపట్టినవారికి “పది రోజుల క్రితం ఆపారు” అన్న మాట ప్రశ్నలో ఎందుకు ఉందో తెలియదు. గీత గీసినవారికి ఆ మాట దగ్గరే సమాధానం దొరుకుతుంది. క్రమశిక్షణ అంటే పేజీల సంఖ్య కాదు, ఒక బిడ్డ జబ్బును మొదటి నుంచి చివరి దాకా వెంబడించే ఓపిక.

తర్వాతి మెట్టు కూడా ఆ గీత మీదే ఉంది. ఫ్రీక్వెంట్ రిలాప్సర్‌కు తక్కువ డోసు ప్రెడ్నిసలోన్‌ను రోజు విడిచి రోజు నెలల తరబడి కొనసాగిస్తారు, లేదా లెవామిసోల్ ఇస్తారు. ఎత్తు పెరగడం ఆగినా, బీపీ పెరిగినా, కంటిలో శుక్లం కనబడినా స్టెరాయిడ్ భారాన్ని తగ్గించే మందులకు మారాలి. తరచూ తిరగబెడుతున్నా, స్టెరాయిడ్‌కు ప్రతిసారీ స్పందిస్తున్నంత కాలం మామూలుగా బయాప్సీ అడగరు. ఆరు వారాల రోజువారీ డోసుకూ ప్రొటీన్ పోకపోతే అది రెసిస్టెన్స్, బయాప్సీ అవసరమయ్యేది అప్పుడు. ఇక రిలాప్స్‌లో ఉన్న బిడ్డకు జ్వరంతో పాటు కడుపునొప్పి అని ప్రశ్నలో చదివితే, స్టెరాయిడ్ డోసు గురించి ఆలోచించే ముందు పెరిటోనైటిస్‌ను గుర్తించి యాంటీబయాటిక్ ఉన్న ఆప్షన్‌ను వెతకండి.