165 గంటల గేరు: గేట్ మెటలర్జీలో డిఫ్యూజన్ లెక్కలు నాకు అర్థమైన తీరు

రిజల్ట్ వచ్చింది, ర్యాంకు బాగానే ఉంది, ఇంట్లో స్వీట్లు కూడా అయిపోయాయి. నిన్నటి నుంచి జూనియర్లు అడుగుతున్నది ఒకటే, ప్రిపరేషన్ ఎలా చేశావని. టైమ్ టేబుల్, బుక్ లిస్టు అందరి దగ్గరా ఉన్నవే, నాదేమీ వేరే కాదు. పోయినసారి నన్ను ముంచిన డిఫ్యూజన్ గురించి రాస్తాను. మెటలర్జీ వాళ్లకి ఇది వచ్చిన చాప్టరే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది.

పోయిన ఏడాది పరీక్షలో కార్బురైజింగ్ మీద రెండు మార్కుల న్యూమరికల్ చేసి, నవ్వుకుంటూ బయటికొచ్చాను. కీ చూసుకుంటే తప్పు. ఆ ప్రశ్న యథాతథంగా గుర్తు లేదు, కింద ఉన్న అంకెలు నేను వేసుకున్నవే, కానీ తప్పు మాత్రం అచ్చం అదే.

0.20 శాతం కార్బన్ ఉన్న స్టీలు. 927°C దగ్గర కార్బురైజ్ చేస్తున్నారు, ఉపరితలం దగ్గర కార్బన్ 1.00 శాతం దగ్గర నిలిచి ఉంది. 1 మి.మీ. లోతున 0.40 శాతం రావాలంటే ఎన్ని గంటలు? ఆస్టెనైట్‌లో కార్బన్‌కి D0, Q ఇస్తారు, మనం చేయాల్సింది ఇంతే:

```
D = D0 exp(-Q/RT)
  = 2.3e-5 × exp(-148000 / (8.314 × 1200))
  = 8.3e-12 m²/s

(Cs - Cx)/(Cs - C0) = erf( x / 2√(Dt) )
```

నేను ఎడమ వైపున 0.20ని 0.80తో భాగించి 0.25 వేశాను. అంటే Cs - Cx ఉండాల్సిన చోట Cx - C0 పెట్టాను. ఎందుకంటే ఒక నోట్సులో erf తో ఉంది, ఇంకో నోట్సులో 1 - erf తో ఉంది, నేను ఒకదాని ఎడమ భాగం, ఇంకోదాని కుడి భాగం కలిపి బట్టీ పట్టాను. erf 0.25 అయితే z, అంటే x / 2√(Dt), సుమారు 0.225, దాన్ని వేస్తే టైమ్ 5.93 లక్షల సెకన్లు, అంటే దాదాపు 165 గంటలు. అంకె నీట్‌గా వచ్చింది కదా అని బాక్సులో కొట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను.

దీన్ని అందరూ సిల్లీ మిస్టేక్ అన్నారు. మా కోచింగ్‌లో సార్ కూడా అదే మాట అన్నారు. నేను ఒప్పుకోను. ప్లస్ మైనస్ తారుమారైతే సిల్లీ అనొచ్చు, ఫార్ములా ఏం చెబుతోందో తెలియకపోవడం సిల్లీ కాదు. ఏడాదంతా రోజూ పొద్దున్నే లేచి చదివినవాడినే, క్రమశిక్షణ లేక కాదు నాకు ఆ మార్కులు పోయింది. సరే, ఆ గొడవ వదిలేద్దాం.

అసలు విషయం మా బాబాయి వల్ల తెలిసింది. ఆయన హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పనిచేస్తారు. పరీక్ష పోయిన బాధలో ఒకరోజు ఆయన దగ్గరికెళ్లి ఈ లెక్క చెప్పాను. "165 గంటలా? ఏరా, ఒక మిల్లీమీటరు కేస్ కోసం ఫర్నేస్‌ని వారం రోజులు కాలుస్తూ కూర్చుంటే కరెంటు బిల్లు మీ నాన్న కడతాడా?" అని నవ్వేశారు. అప్పుడు వెలిగింది. నా జవాబు తప్పని చెప్పడానికి ఏ కీ అక్కర్లేదు, ఆ అంకే చెబుతోంది.

తర్వాత ఆయన టేబుల్ మీంచి ఒక టెస్ట్ పీసు తీసి చూపించారు. గేర్లతో పాటు ఫర్నేస్‌లో పెట్టి, మెల్లగా చల్లార్చి, అడ్డంగా కోసి, పాలిష్ చేసి, నైటాల్‌లో ముంచిన ముక్క. అంచు చుట్టూ నల్లగా ఉంది, అది పెర్లైట్ ఎక్కువున్న చోటు. లోపలికి పోయేకొద్దీ రంగు మెల్లగా తేలిపోయి, మధ్యలో ఫెర్రైట్ ఎక్కువై లేతగా ఉంది. ఇక్కడ కేస్ అయిపోయింది, ఇక్కడ కోర్ మొదలైంది అని గీత గీయడానికి వీల్లేదు. మనం గ్రాఫులో గీసే ఎర్రర్ ఫంక్షన్ వంపు ఆ ముక్కలో కళ్లకి కనబడుతోంది.

ఆ ముక్కని మనసులో పెట్టుకుంటే ఫార్ములా బట్టీ పట్టక్కర్లేదు. అంచు దగ్గర x సున్నా, erf(0) కూడా సున్నా. అక్కడ Cx అంటే Cs. కాబట్టి ఎడమ వైపు పైన Cs - Cx ఉంటేనే సున్నా వస్తుంది. బాగా లోపలికి పోతే erf ఒకటి, అక్కడ Cx అంటే C0, నిష్పత్తి కూడా ఒకటే. ఈ రెండు చివరలు సరిపోతే మధ్యలోదీ సరిపోతుంది. పరీక్షలో దీనికి పది సెకన్లు కూడా పట్టదు.

ఇప్పుడు అదే లెక్క సరిగ్గా చేస్తే 0.60ని 0.80తో భాగించాలి, 0.75. టేబుల్‌లో z 0.80 దగ్గర 0.7421, 0.85 దగ్గర 0.7707. మధ్యలో ఇంటర్‌పొలేట్ చేస్తే z = 0.814.

```
t = x² / (4 z² D)
  = 1e-6 / (4 × 0.662 × 8.3e-12)
  ≈ 45500 s ≈ 12.6 h
```

కొంతమంది erf(z) ని z అనే తీసుకుంటారు. z 0.5 దగ్గర పర్వాలేదు, erf 0.5205. ఇక్కడ మాత్రం 0.75 అని వేస్తే టైమ్ దాదాపు 18 శాతం ఎక్కువ వస్తుంది, జవాబు రేంజ్ దాటిపోతుంది. ప్రశ్నలో వాళ్లే అలా తీసుకోమంటే తప్ప జోలికి పోకండి. ఇంకోటి, T చోట 1200 కెల్విన్‌కి బదులు 927 వేస్తే D ఏకంగా 79 రెట్లు పడిపోయి జవాబు వెయ్యి గంటల దగ్గరికి, అంటే నలభై రోజులు దాటిపోతుంది. బాబాయి నవ్వు గుర్తు తెచ్చుకుంటే చాలు.

అలాగని 12.6 కూడా షాపు అంకె కాదు, నిజంగా అంతకంటే ముందే అయిపోతుందని బాబాయి అన్నారు. కారణం మన లెక్కలో D స్థిరం అనుకోవడం. ఆస్టెనైట్‌లో కార్బన్ పెరిగేకొద్దీ D కూడా పెరుగుతుంది.

చాలా సార్లు టేబుల్ అసలు తెరవక్కర్లేదు. Cs, C0, Cx మారకపోతే z మారదు, అంటే x²/Dt మారదు. లోతు 2 మి.మీ. కావాలంటే టైమ్ నాలుగు రెట్లు, సుమారు 50 గంటలు. లోతు అదే ఉంచి 977°C కి పెంచితే D 1.5e-11 అవుతుంది, టైమ్ 7 గంటలకి దిగుతుంది. ఈసారి పరీక్షలో ఇలాంటి ఆలోచనే పనికొచ్చింది, పేపర్ మీద రెండు లైన్లు కూడా రాయలేదు.

ఇక స్టెడీ స్టేట్. ఫ్లక్స్ ఫార్ములా చిన్నది కాబట్టి ఎక్కడ పడితే అక్కడ వాడేస్తాం, నేనూ గేరు మీద వాడి చూసినవాడినే. తేడా ఒక్కటే. స్టెడీ స్టేట్ కావాలంటే ఒక వైపు కార్బన్ ఎక్కుతుంటే రెండో వైపు ఎవరో దాన్ని తీసేస్తూ ఉండాలి. గేరు లోపల కార్బన్‌ని తీసేసేవాడు ఎవడూ లేడు, అది అక్కడే పోగవుతుంది, అందుకే టైమ్ లెక్కలోకి వస్తుంది.

2 మి.మీ. ఇనుప రేకు తీసుకోండి, అదే 927°C. ఒక వైపు 0.9 శాతం, రెండో వైపు డీకార్బురైజ్ చేసే గ్యాస్ వల్ల 0.1 శాతం నిలిచి ఉన్నాయి. ఇక్కడ నేను రెండోసారి బోర్లా పడ్డాను, మాక్ టెస్టులో. శాతాన్నే నేరుగా వేసేశాను. ఎర్రర్ ఫంక్షన్‌లో ఎడమ వైపు నిష్పత్తి కాబట్టి శాతాలు కొట్టేసుకుపోతాయి. ఫ్లక్స్‌లో ఆ సౌకర్యం లేదు, ఘనపు మీటరుకి ఎన్ని కిలోలో కావాలి. డెన్సిటీ 7800 అనుకుంటే 0.8 శాతం తేడా అంటే 62.4.

```
J = 8.3e-12 × 62.4 / 0.002
  = 2.6e-7 kg/m²·s
```

గంటకి చదరపు మీటరుకి 0.93 గ్రాములు. అయితే గ్యాస్ ఆన్ చేయగానే ఈ అంకె రాదు. L²/D లెక్కేస్తే 134 గంటలు, అందులో సగం గడిచాక గానీ ఈ రేకులో కార్బన్ గ్రాఫు సరళరేఖకి దగ్గరగా రాదు. ఇదే ఐడియాతో బోలు ఇనుప సిలిండర్ లోపల కార్బురైజింగ్ గ్యాస్, బయట డీకార్బురైజింగ్ గ్యాస్ పంపి D ని కొలిచారు. సిలిండర్ కాబట్టి C ని ln r మీద గీస్తారు. D స్థిరమైతే అది సరళరేఖగా రావాలి, వంగింది. పైన చెప్పిన D మార్పు అలా కనబడుతుంది.

నిన్న ఒక జూనియర్ అడిగాడు, 2 మి.మీ. పలకని రెండు వైపులా అదే 12.6 గంటలు కార్బురైజ్ చేస్తే మధ్యలో ఎంతుంటుందని. మధ్య బిందువు 1 మి.మీ. లోతు కాబట్టి 0.40 అని వాడి జవాబు. మన ఫార్ములా లోపల అంతు లేని దిమ్మెకి మాత్రమే. మందం సుమారు 10√(Dt), అంటే ఇక్కడ 6 మి.మీ. దాటితే నిశ్చింతగా వాడుకోవచ్చు. ఈ పలక అంత లేదు, రెండు వైపుల కార్బన్ మధ్యలో కలుస్తుంది. ఒక్కో వైపు నుంచి 0.20 చొప్పున వచ్చి, ముందున్న 0.20తో కలిపి 0.60 దగ్గర ఉంటుంది. గేరు పన్ను కొస కూడా ఇలాంటి సన్నటి చోటే. బాబాయి టేబుల్ మీద ఆ టెస్ట్ పీసు పక్కనే కొస విరిగిన పన్ను ఒకటి ఉంది, కోసి చూస్తే అంచు నుంచి అంచు దాకా నలుపే, లేత రంగు కోర్ ఎక్కడా లేదు.