అప్లై చేసిన కంపెనీ రిక్రూటర్‌కి లింక్డ్‌ఇన్‌లో ఏం రాశానంటే

హైదరాబాద్‌లో ఐటీ వాళ్లని ఎవర్ని అడిగినా రెఫరల్ ఉంటేనే పిలుస్తారంటారు. నేను జావా బ్యాకెండ్ ఉద్యోగానికి అప్లై చేసిన కంపెనీలో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్ల కెరీర్స్ పేజీలో ఫారం నింపాను, రెజ్యూమె ఎక్కించాను, ఆ తర్వాత ఎప్పుడు చూసినా స్టేటస్ ‘అండర్ రివ్యూ’ అనే ఉంది. అందుకే నేరుగా రిక్రూటర్‌కే రాద్దామనుకున్నా.

ముందు సరైన మనిషిని పట్టుకోవాలి, దీనికే ఎక్కువ టైం పట్టింది. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో పోస్ట్ చేసినవాళ్ల పేరు కిందే కనిపిస్తుంది, నా దాంట్లో లేదు. కంపెనీ పేజీలో పీపుల్ అనే చోటికి వెళ్లి ‘టాలెంట్ అక్విజిషన్’ అని వెతికితే చాలామంది వచ్చారు. అందులో కొందరు కాలేజీ క్యాంపస్ నియామకాలు చూసేవాళ్లు, కొందరు వేరే దేశాల ఉద్యోగాలు చూసేవాళ్లు, వాళ్లకి రాసి లాభం లేదు. ఒక్కొక్కరి పోస్టులు చూస్తూ పోతే ఒకావిడ ఈమధ్యే హైదరాబాద్ ఆఫీసుకి జావా వాళ్లు కావాలని పెట్టారు. ఆవిడకే రాద్దామని తేల్చుకున్నా.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మన కనెక్షన్‌లో లేనివాళ్లకి, ప్రీమియం లేకుండా, మామూలుగా మెసేజ్ వెళ్లదు. కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు చిన్న నోట్ పెట్టొచ్చు, నా ఉచిత అకౌంట్‌లో దానికి 200 క్యారెక్టర్లే, మధ్యలో ఖాళీలు కూడా అందులోకే వస్తాయి. పైగా అలాంటి నోట్లు నెలకి కొన్నే ఇస్తారు. అంటే ప్రతి పదం ఎందుకు ఉందో ఆలోచించుకుని రాయాలి.

నోట్ చదివేటప్పుడు ఆవిడకి నిజంగా ఏం కావాలి? ఒక రిక్రూటర్ చేతిలో ఒకేసారి ఎన్నో ఖాళీలు ఉంటాయి, కాబట్టి ‘మీ కంపెనీలో అప్లై చేశాను, కాస్త చూడండి’ అంటే ఏ ఉద్యోగమో వెతుక్కునే పని ఆవిడ మీద పడుతుంది. అందుకని జాబ్ ఐడీ మొదటి వాక్యంలోనే పెట్టాను. ఆ తర్వాత నా పని గురించి ఒకే ఒక్క ముక్క, అదీ ప్రకటనలో అడిగినదానికి నేరుగా సరిపోయేది. చివర ఒక్క మాటలో జవాబివ్వగల ప్రశ్న. నోట్ ఇంగ్లీషులో పంపాను, తెలుగులో చెప్పాలంటే ఇదీ:

‘హాయ్, మీ హైదరాబాద్ జావా బ్యాకెండ్ ఉద్యోగానికి (జాబ్ ఐడీ ఇదీ) అప్లై చేశాను. ప్రస్తుతం స్ప్రింగ్ బూట్, కాఫ్కాతో పేమెంట్ సర్వీసులు రాస్తున్నాను. ఈ ఖాళీ ఇంకా ఉందా?’

సార్, మేడమ్, రెస్పెక్టెడ్ లాంటివేవీ పెట్టలేదు. పేరు పక్కన నా హెడ్‌లైన్ ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి దాన్ని కూడా ముందే మార్చుకున్నా. ‘కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను’ అన్నది తీసేసి, జావా బ్యాకెండ్, పేమెంట్స్ అని పెట్టాను. దానివల్ల నోట్‌లో అనుభవం గురించి ఇంకో వాక్యం రాయాల్సిన పని తప్పింది.

ఆవిడ రిక్వెస్ట్ యాక్సెప్ట్ చేశారు గానీ జవాబు రాలేదు. కనెక్షన్ అయ్యాక నిడివి గురించి అంత బెంగ లేదు కాబట్టి రెండో మెసేజ్ పంపాను. అందులో కూడా కథంతా చెప్పలేదు. ఏ మెయిల్ ఐడీతో అప్లై చేశానో రాశాను (లింక్డ్‌ఇన్‌లో ఉన్నది నా పాత కాలేజీ మెయిల్, వాళ్ల సిస్టమ్‌లో దాంతో వెతికితే నేను దొరకను), నోటీస్ పీరియడ్ 90 రోజులని, నా ఇప్పటి కంపెనీ ఒప్పుకుంటే డబ్బు కట్టి తగ్గించుకోవచ్చని రాశాను, రెజ్యూమె పీడీఎఫ్ జత చేశాను. 90 రోజులని చూసి వదిలేస్తారేమో అని టెన్షన్ ఉండేది, అయినా దాచలేదు. మనదగ్గర మొదటి కాల్‌లోనే అడిగే ప్రశ్న అది, అప్పుడు బయటపడితే ఇద్దరి టైమూ పోతుంది.

ఈసారి జవాబొచ్చింది. నేను అప్లై చేసిన ఖాళీకి అప్పటికే ఒకరు చివరి రౌండ్‌లో ఉన్నారట, పక్క టీమ్‌లో అలాంటిదే ఇంకోటి తెరుస్తున్నారట, దానికి నా రెజ్యూమె పంపమంటారా అని అడిగారు. పంపమన్నాను. పోర్టల్‌లో మాత్రం నా పాత అప్లికేషన్ ఇంకా ‘అండర్ రివ్యూ’ అనే చూపిస్తోంది. ఆవిడ ఆ కొత్త ఖాళీ లింక్ పంపితే కొత్త జాబ్ ఐడీకి మళ్లీ ఫారం నింపాను, తర్వాత స్క్రీనింగ్ కాల్‌కి టైం ఇచ్చారు. అది అయింది, ఇప్పుడు టెక్నికల్ రౌండ్ కోసం చదువుతున్నా.